పెట్టెలోని కణం నమూనాతో సయనిన్ డై రంగును లెక్కగట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

క్వాంటం కెమిస్ట్రీ కోర్సులో ఈ పాఠం దగ్గర ఎక్కువమంది చిక్కుకునేది సమీకరణంలో కాదు, ఎలక్ట్రాన్లను లెక్కపెట్టడంలోనూ పెట్టె పొడవు తేల్చడంలోనూ. అందుకని ఈ పేజీ మొత్తం ఒకే అణువు చుట్టూ తిరుగుతుంది: 3,3'-డైఇథైల్‌థయాకార్బోసయనిన్ అయొడైడ్. మెథనాల్‌లో ఇది 557 నానోమీటర్ల దగ్గర గరిష్ఠంగా శోషిస్తుంది, ద్రావణం ముదురు గులాబీ రంగులో కనిపిస్తుంది.

డై రంగుకీ, పెట్టెలో ఇరుక్కున్న ఎలక్ట్రాన్‌కీ సంబంధం ఏమిటి?

సయనిన్ అణువులో రెండు చివర్లా రెండు నైట్రోజన్లు ఉంటాయి, మధ్యలో కార్బన్ గొలుసు. గొలుసు పొడవునా p ఆర్బిటాళ్లు పక్కపక్కనే కలుస్తాయి కాబట్టి π ఎలక్ట్రాన్లు ఏ ఒక్క బంధానికీ కట్టుబడి ఉండవు, ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతాయి. చివర దాటి బయటికి మాత్రం పోలేవు. ఈ పరిస్థితిని అతి సరళంగా గీస్తే వచ్చేదే పెట్టె: లోపల పొటెన్షియల్ సున్నా, గోడల దగ్గర అనంతం.

వేవ్‌ఫంక్షన్ గోడల దగ్గర సున్నా కావాలి కాబట్టి పెట్టెలో పూర్ణసంఖ్యలో అర్ధతరంగాలు మాత్రమే పడతాయి. శక్తి ఇలా వస్తుంది:

E_n = n²h² / 8mL²,  n = 1, 2, 3, ...

ఒక్కో స్థాయిలో రెండేసి ఎలక్ట్రాన్లు (పౌలీ నియమం) కింది నుంచి నింపుకుంటూ వస్తే, N ఎలక్ట్రాన్లకు n = N/2 వరకు నిండుతుంది. అదే హోమో. దాని పైన ఖాళీగా ఉన్న మొదటి స్థాయి లూమో. కాంతి తాకినప్పుడు హోమోలోని ఒక ఎలక్ట్రాన్ లూమోలోకి ఎగురుతుంది. ఆ ఎగురుడుకు కావలసిన శక్తి:

ΔE = [(N/2 + 1)² − (N/2)²] h²/8mL² = (N + 1) h²/8mL²

దీన్ని తరంగదైర్ఘ్యంగా మారిస్తే:

λ = 8mcL² / [h(N + 1)]

గొలుసు పెరిగితే L, N రెండూ పెరుగుతాయి. కానీ పైన ఉన్నది L వర్గం, కింద ఉన్నది N ఒకటో ఘాతమే. అందుకే పొడవైన గొలుసు డై ఎరుపు వైపు శోషిస్తుంది.

N ఎంత? ఎలా లెక్కపెట్టాలి?

కాగితం మీద అణువు గీసి, ఒక నైట్రోజన్ మీద పెన్సిల్ పెట్టండి. ద్విబంధాలూ ఏకబంధాలూ మారుతూ వెళ్లే దారిలో రెండో నైట్రోజన్ దాకా నడవండి. దారిలో తగిలిన కార్బన్ల సంఖ్యను p అనుకుందాం. థయాకార్బోసయనిన్‌లో ముందు బెంజోథయజోల్ వలయంలోని రెండో స్థానపు కార్బన్, తర్వాత మూడు CH కార్బన్లు, ఆ తర్వాత అవతలి వలయపు రెండో కార్బన్ తగులుతాయి. మొత్తం p = 5.

ప్రతి కార్బన్ ఒక్కో π ఎలక్ట్రాన్ ఇస్తుంది, ఐదు అయ్యాయి. ఒక నైట్రోజన్ తన ఒంటరి జంటను, అంటే రెంటిని ఇస్తుంది. ధనావేశం ఉన్న నైట్రోజన్ ఒకటే ఇస్తుంది. కలిపితే N = p + 3 = 8. నిండిన ఆఖరి స్థాయి n = 4, ఖాళీగా ఉన్న మొదటిది n = 5.

ధనావేశం మరిచి రెండు నైట్రోజన్లకూ రెండేసి ఇచ్చేస్తే 9 వస్తుంది. బేసిసంఖ్య కనబడగానే ఆగి మళ్లీ లెక్కపెట్టండి, ఎందుకంటే అన్ని ఎలక్ట్రాన్లూ జతగూడిన ఈ కాటయాన్‌కు బేసి N రాదు.

సల్ఫర్ ఒంటరి జంటలను, బెంజీన్ వలయపు ఎలక్ట్రాన్లను ఎందుకు వదిలేశారు?

అవి నైట్రోజన్ నుంచి నైట్రోజన్‌కు వెళ్లే దారిలో లేవు, పక్కనున్నాయి. ఒకే దిశ ఉన్న పెట్టెలో పక్కకు చోటు లేదు. నిజానికి వాటి ప్రభావం ఉంటుంది. లెక్కకూ కొలతకూ తేడా రావడానికి కొంత కారణం అవే. అయినా ముందు వాటిని వదిలి లెక్క చేసి, ఎంత తేడా వచ్చిందో చూడటమే మంచిది. మొదటే అన్నీ కలిపేస్తే ఏ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

పెట్టె పొడవు L ఎలా తేల్చాలి?

లెక్క కుదరడమూ చెడడమూ ఇక్కడే ఆధారపడి ఉంటుంది. నైట్రోజన్ నుంచి నైట్రోజన్‌కు p + 1 బంధాలు ఉంటాయి, మన అణువులో 6. ఎలక్ట్రాన్ మేఘం సరిగ్గా నైట్రోజన్ కేంద్రకం దగ్గర ఆగిపోదు, కాస్త దాటి వెళుతుంది. అందుకని రెండు వైపులా ఒక్కో బంధం పొడవు కలుపుతారు. మొత్తం p + 3 = 8 బంధాలు. ఒక్కో బంధం 0.139 నానోమీటర్లు, బెంజీన్‌లోని కార్బన్–కార్బన్ దూరమంత. కాబట్టి L = 8 × 0.139 = 1.112 నానోమీటర్లు.

చివర్ల విషయంలో ఈ నిర్ణయం ఎంత పెద్దదో చూడండి. ఇరువైపులా పూర్తి బంధం కలిపితే జవాబు 453 నానోమీటర్లు. సగం బంధమే కలిపితే 347. ఏమీ కలపకపోతే 255, అంటే డైకి రంగే ఉండకూడదు! ఒక చిన్న ఊహ మీద రెండు వందల నానోమీటర్లు ఊగుతున్నాయి. అందుకే రిపోర్టులో L ఎలా తీసుకున్నారో ఒక వాక్యమైనా రాయకపోతే మిగతా లెక్కకు అర్థం లేదు.

ఇంకో పొరపాటు, అణువు చిత్రం మీద స్కేలు పెట్టి రెండు నైట్రోజన్ల మధ్య సూటి దూరం కొలవడం. గొలుసు వంకరటింకరగా వెళుతుంది. 120 డిగ్రీల కోణాల దగ్గర సూటి దూరం బంధాల వెంబడి దూరంలో 0.866 వంతే. దాని వర్గం 0.75 కాబట్టి 453 కాస్తా 340కి పడిపోతుంది. ఈ నమూనాలో L అంటే ఎలక్ట్రాన్ నడిచే దారి పొడవు.

లెక్క మొత్తం ఒకసారి అంకెలతో చేసి చూపిస్తారా?

ముందు శక్తి ప్రమాణం h²/8mL² కట్టుకుంటే మిగతాది సులువు.

h² = 4.390 × 10⁻⁶⁷ J²·s²
8m = 7.287 × 10⁻³⁰ kg
L² = (1.112 × 10⁻⁹)² = 1.2365 × 10⁻¹⁸ m²
h²/8mL² = 4.87 × 10⁻²⁰ J = 0.304 eV

n = 4 స్థాయి 16 × 0.304 = 4.86 eV దగ్గర, n = 5 స్థాయి 25 × 0.304 = 7.60 eV దగ్గర ఉంటాయి. తేడా 9 × 0.304, అంటే 2.74 eV. hc విలువ అయిన 1240 eV·nm ను దానితో భాగిస్తే 453 నానోమీటర్లు. కొలతలో వచ్చేది 557, అంటే 2.23 eV.

ఇక్కడ తప్పే చోట్లు రెండు. L ను నానోమీటర్లలోనే వదిలేసి వర్గం చేయడం ఒకటి. జవాబు 10¹⁸ రెట్లు తప్పితే కారణం అదే. రెండోది E₅ విలువనే ఫోటాన్ శక్తిగా తీసుకోవడం. 7.60 eV అంటే 163 నానోమీటర్లు. కాంతి ఇవ్వాల్సింది రెండు స్థాయిల మధ్య తేడాను మాత్రమే.

453 ఎక్కడ, 557 ఎక్కడ! ఇంత తేడా వస్తే నమూనా తప్పినట్టే కదా?

ఒక్క అణువును చూసి తేల్చకండి, వరుస చూడాలి. ఇదే కుటుంబంలో p = 3 ఉన్న థయాసయనిన్, p = 7 ఉన్న థయాడైకార్బోసయనిన్ ఉన్నాయి. నమూనా వరుసగా 328, 453, 579 నానోమీటర్లు చెబుతుంది. మెథనాల్‌లో కొలిస్తే సుమారు 423, 557, 652 వస్తాయి. మొదటి ద్రావణం పసుపు, రెండోది గులాబీ, మూడోది నీలం. గొలుసులో ఒక CH=CH జత చేరిన ప్రతిసారీ శోషణ సగటున 115 నానోమీటర్ల మేర జరుగుతోంది, నమూనా ఆ అడుగును 125గా చెబుతోంది. అడుగు సైజు దాదాపు పట్టుకుంది, మొదలుపెట్టిన చోటు తప్పింది.

మొదలుపెట్టిన చోటు తప్పిందంటే పెట్టె పొడవు తక్కువగా తీసుకున్నామని అనుమానం. చివరి వలయాలు ఎలక్ట్రాన్ మేఘాన్ని ఇంకాస్త బయటికి లాగుతాయి. దీనికోసం α అనే సవరణ పెడతారు: L = (p + 3 + α) × 0.139 నానోమీటర్లు. మన అణువు 557 ఇవ్వాలంటే α సుమారు 0.87 కావాలి, అంటే ఒక్కో చివర అర బంధం కన్నా కొంచెం తక్కువ. అది నమ్మదగిన సంఖ్యే.

ఒక డై నుంచి తీసిన α ను మిగతా వాటికి వాడొచ్చా?

వాడాలి. లేకపోతే అది సవరణ కాదు, జవాబు చూసి ప్రశ్న రాసుకోవడం. ఈ చిన్న ప్రోగ్రాము నడిపి చూడండి:

```python
h, m, c = 6.626e-34, 9.109e-31, 2.998e8
l = 1.39e-10

def lam(p, a=0.0):
    N = p + 3
    L = (p + 3 + a) * l
    return 8*m*c*L**2 / (h*(N + 1)) * 1e9

for p in (3, 5, 7):
    print(p, round(lam(p)), round(lam(p, 0.87)))
```

α = 0.87 తో 430, 557, 684 వస్తాయి. మధ్యది ఎలాగూ కుదురుతుంది, దానితోనే కదా α తీశాం. చిన్న గొలుసుకు 423 బదులు 430, చాలా బాగుంది. పెద్ద గొలుసుకు 652 బదులు 684, ముప్పైకి పైగా ఎక్కువ.

పెద్ద గొలుసు దగ్గర ఎందుకు దాటిపోయింది? α గీతను పైకి జరుపుతుంది గానీ వాలును పెద్దగా మార్చదు. పొడవైన గొలుసులకు ఈ సూత్రం ఒక్కో CH=CH కు 127 నానోమీటర్ల వైపే పోతుంది, α ఎంతైనా సరే. నిజమైన డైలు వంద దగ్గరే నడుస్తాయి. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి వికర్షించుకోవడం ఈ నమూనాలో లేదు, గొలుసు వెంబడి పొటెన్షియల్‌లోని ఎత్తుపల్లాలూ లేవు. ఆ లోటును ఒక్క α పూడ్చలేదు. మూడు డైలకూ మూడు వేరు α లు పెట్టి "ఖచ్చితంగా కుదిరింది" అని రాసిన రిపోర్టు కంటే, ఒకే α పెట్టి 32 నానోమీటర్ల తేడా వచ్చిందని రాసింది నయం.

α లేకుండానే అచ్చంగా కుదిరే డైలు ఉన్నాయంటారు, నిజమేనా?

ఉన్నాయి. క్వినొలిన్ వలయాలు నాలుగో స్థానంలో కలిసిన 4,4'-సయనిన్లు అలాంటివే. వీటిలో నైట్రోజన్ నుంచి బయలుదేరిన దారి వలయం గుండానే వెళుతుంది. అందుకని ఈ కుటుంబంలోని క్రిప్టోసయనిన్‌కు p = 9. సూత్రం 706 నానోమీటర్లు ఇస్తుంది, కొలతలోనూ దాదాపు అంతే. ఈ డైని రూబీ లేజర్ (694 నానోమీటర్లు) పల్స్‌ను నియంత్రించడానికి వాడటం అందుకే కుదిరింది.

ఇది చూసి నమూనా గొప్పదని మురిసిపోకండి. అవే క్వినొలిన్ వలయాలను రెండో స్థానంలో కలిపిన 2,2'-కార్బోసయనిన్‌కు p = 5, కాబట్టి మళ్లీ 453 నానోమీటర్లే వస్తుంది. కొలత 605. రెండు కుటుంబాలకూ చివరి వలయం ఒకటే, కలిసిన స్థానం మాత్రమే వేరు. కాబట్టి 4,4' వరుసలో ఒకటికొకటి వ్యతిరేకంగా పనిచేసే తప్పులు రద్దయిపోయాయని అనుకోవడమే సబబు.

ఇదే సూత్రం బీటా కెరోటిన్‌కు వాడితే ఎందుకు ఘోరంగా తప్పుతుంది?

బీటా కెరోటిన్‌లో 11 ద్విబంధాలు, 22 π ఎలక్ట్రాన్లు. చివర్లు కలపకుండా 21 బంధాలకు 0.140 నానోమీటర్ల చొప్పున L = 2.94 నానోమీటర్లు తీసుకుంటే λ సుమారు 1240 నానోమీటర్లు వస్తుంది. అది పరారుణం. నిజమైన గరిష్ఠం 450 దగ్గర. ఇక్కడ α పనికిరాదు: పెట్టెను పెంచితే జవాబు ఇంకా దూరం జరుగుతుంది.

తేడా చివర్లలో కాదు, మధ్యలో ఉంది. సయనిన్‌కు రెండు రెజొనెన్స్ రూపాలు గీయొచ్చు: ధనావేశం ఎడమ నైట్రోజన్ మీద, లేదా కుడి నైట్రోజన్ మీద. రెండూ సరిసమానం. ఒక రూపంలో ద్విబంధం ఉన్నచోట రెండో రూపంలో ఏకబంధం ఉంటుంది కాబట్టి సగటున ప్రతి బంధమూ ఒకటిన్నర బంధమే. గొలుసు వెంబడి పొటెన్షియల్ చదునుగా ఉంటుంది, పెట్టె ఊహకు అదే కావాలి. బీటా కెరోటిన్ లాంటి పాలీన్‌కు అలాంటి జంట రూపం లేదు. దానిలో ద్విబంధాలు పొట్టిగా (0.135 నానోమీటర్ల దరిదాపు), ఏకబంధాలు పొడుగ్గా (0.145 దరిదాపు) మారుతూనే ఉంటాయి.

ఇప్పుడు హోమో బొమ్మ గీయండి. n = 11 కు 11 గుట్టలు, పాలీన్‌లో ఒక్కో గుట్ట సరిగ్గా ఒక్కో ద్విబంధం మీద కూర్చుంటుంది. ద్విబంధం దగ్గర పొటెన్షియల్ లోతు ఎక్కువ కాబట్టి హోమో కిందికి దిగుతుంది. లూమో గుట్టలు గొలుసు మధ్యలో ఏకబంధాల మీద పడతాయి, అది పైకి లేస్తుంది. మిగతా స్థాయిలకు గుట్టలూ బంధాలూ ఇలా తాళం కలపవు కాబట్టి వాటి మీద ప్రభావం తక్కువ. సరిగ్గా మనకు కావలసిన ఖాళీయే పెరుగుతుంది.

హాన్స్ కూన్ 1940ల చివర్లో ఈ ఎత్తుపల్లాలకు ఒక పదం కలిపాడు:

ΔE = (N + 1)h²/8mL² + V₀(1 − 1/N)

బీటా కెరోటిన్‌కు మొదటి పదం 1.00 eV, కొలత 2.76 eV. మిగిలిన 1.76 eV కోసం V₀ సుమారు 1.8 eV కావాలి. సౌష్ఠవమున్న సయనిన్లకు V₀ దాదాపు సున్నా. గొలుసు ఎంత పెరిగినా పాలీన్ల శోషణ ఒకచోట ఆగిపోవడానికి కారణం కూడా ఈ పదమే: మొదటి పదం సున్నా వైపు పోయినా V₀ మిగిలే ఉంటుంది.

4 నుంచి 5కే ఎందుకు? 4 నుంచి 6కో, 7కో ఎగరకూడదా?

పెట్టె మధ్యబిందువు చుట్టూ చూస్తే వేవ్‌ఫంక్షన్లు ఒకటి సౌష్ఠవంగా, తర్వాతది ప్రతిసౌష్ఠవంగా వస్తాయి. బయలుదేరే స్థాయి n, చేరే స్థాయి m అనుకుంటే, వాటి మొత్తం సరిసంఖ్య అయితే ట్రాన్సిషన్ డైపోల్ సున్నా అవుతుంది. 4→6 నిషిద్ధం. 4→7 కు అనుమతి ఉంది గానీ, డైపోల్ nm/(m² − n²)² కు అనుపాతంలో ఉంటుంది కాబట్టి 4→5 తో పోలిస్తే డైపోల్ వర్గం దాదాపు 90వ వంతు. పైగా అది అతినీలలోహితంలోకి పోతుంది. కనిపించే ప్రాంతంలో ఒకే బలమైన పట్టీ ఉండటానికి కారణం ఇదే.

ల్యాబ్‌లో ద్రావణం ఎంత గాఢతలో చేయాలి?

ఈ డైల మోలార్ శోషణ గుణకం లక్ష L·mol⁻¹·cm⁻¹ దాటుతుంది, కాబట్టి చాలా పల్చన ద్రావణం చాలు. థయాకార్బోసయనిన్ అయొడైడ్ అణుభారం 492. ఒక మిల్లీగ్రాము తూచి 100 మిల్లీలీటర్ల మెథనాల్‌లో కరిగిస్తే 2 × 10⁻⁵ మోలార్. అందులో 10 మిల్లీలీటర్లు తీసి 50కి పెంచండి, 4 × 10⁻⁶ మోలార్. ఒక సెంటీమీటరు క్యువెట్‌లో అబ్జార్బెన్స్ 0.4–0.7 మధ్య రావాలి. ఒక మిల్లీగ్రాము సరిగ్గా తూచడం కష్టం, కానీ λ గరిష్ఠమే కావాలి కాబట్టి తూకంలో పదిశాతం తేడా వచ్చినా నష్టం లేదు.

అబ్జార్బెన్స్ 2 దాటితే శిఖరం చదునుగా తెగినట్టు కనిపిస్తుంది, ఆ చదును మధ్యబిందువును λ గరిష్ఠం అని రాసేస్తారు. పల్చన చేసి మళ్లీ స్కాన్ చేయండి. గాజు క్యువెట్ చాలు, క్వార్ట్జ్ అక్కర్లేదు. ఫ్లాస్కుకు రేకు చుట్టండి, వెలుతురుకు డై నెమ్మదిగా రంగు కోల్పోతుంది. పొడిని చేతితో తాకకండి, మెథనాల్ మంటకు దూరంగా, గాలి ఆడేచోట వాడండి.

శిఖరం పక్కన 520 దగ్గర ఒక భుజం కనిపిస్తోంది. అది ఏ స్థాయి?

పెట్టెలోని ఏ స్థాయీ కాదు. ఉత్తేజిత అణువు గొలుసు కంపనంలో ఒక క్వాంటం కూడా పుచ్చుకుంటే శోషణ ఆ మేరకు ఎక్కువ శక్తి వైపు జరుగుతుంది. 557 నానోమీటర్లంటే 17,950 cm⁻¹, దానికి 1,300 cm⁻¹ కలిపితే 520 నానోమీటర్ల దగ్గరికి వస్తుంది. గట్టి గోడల పెట్టెలో కేంద్రకాలు కదలవు కాబట్టి నమూనాలో ఈ భుజం ఉండదు.

అయితే అక్కడే ఇంకో దొంగ కూడా దాక్కోవచ్చు. రెండు డై అణువులు ఒకదానిపై ఒకటి పేర్చుకుంటే వచ్చే డైమర్ కూడా తక్కువ తరంగదైర్ఘ్యం వైపే శోషిస్తుంది. ఏది ఏదో తేల్చడానికి ద్రావణాన్ని ఐదు రెట్లు పల్చన చేసి, భుజం ఎత్తును శిఖరం ఎత్తుతో భాగించి చూడండి. నిష్పత్తి మారకపోతే కంపనం, తగ్గితే డైమర్. మెథనాల్‌లో ఈ గాఢత దగ్గర సాధారణంగా మారదు. నీటిలో చేసినవాళ్లకు మాత్రం మారుతుంది, నీరు ఈ అణువులను దగ్గరికి తోసేస్తుంది. తడి క్యువెట్‌లోనే మెథనాల్ ద్రావణం పోసినప్పుడు గరిష్ఠం ఒకటి రెండు నానోమీటర్లు జరిగినా ఆశ్చర్యపోనక్కర్లేదు. క్యువెట్‌ను అదే ద్రావణంతో రెండుసార్లు కడిగి పోయండి.